పదవీ విరమణ సభలో విభాగాధిపతి కృతజ్ఞతా ప్రసంగం: స్టాకు రిజిస్టరు నుంచి మైకు దాకా

పదవీ విరమణ సన్మాన సభలో అందరికంటే చివర మాట్లాడేది సన్మానం అందుకున్న వ్యక్తి. అప్పటికి ప్రిన్సిపాల్ గారు, తోటి విభాగాల అధిపతులు, పాత విద్యార్థులు మాట్లాడి ఉంటారు. శాలువాలు, దండలు, జ్ఞాపికలు అయిపోయి ఉంటాయి. పక్క గదిలో విస్తళ్లు వేస్తూ ఉంటారు. ఆ వేళకు ‘స్పందన’ కోసం మైకు ముందుకు వచ్చే విభాగాధిపతికి దక్కేది ఆరేడు నిమిషాలు. ముప్పై ఏళ్ల సర్వీసు ఆ కాసేపట్లో పట్టదు కాబట్టి దాన్ని పట్టించే ప్రయత్నం మానుకుని, తనతో పనిచేసినవారిలో ఎవరు ఏ పని చేశారో పేరు పెట్టి చెప్పడానికే ఆ సమయాన్ని వాడుకోవాలి. ఆ పనికి ఎలా సిద్ధం కావాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

డిగ్రీ కళాశాలల్లో తెలుగు చెప్పినందువల్ల, ఇలాంటి ప్రసంగాలు చూసిపెట్టమని చాలామంది నా దగ్గరకు తెచ్చేవారు. వాటిలో ఒకదాన్ని మొదటి నుంచి చివరి దాకా ఉదాహరణగా తీసుకుంటాను. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాసల వైపు ఉన్న ఒక కళాశాలలో వృక్షశాస్త్ర విభాగాధిపతిగా ఉన్న మేడమ్ రాసుకున్న ప్రసంగం అది. ఆవిడ సర్వీసు ముప్పై ఏళ్లు. అందులో ఇరవై ఒక్క ఏళ్లు ఆ కళాశాలలోనే గడిచాయి, చివరి పదకొండేళ్లు విభాగాధిపతిగా ఉన్నారు. ఆవిడ తెచ్చిన మొదటి ప్రతిలో ‘మా విభాగ సిబ్బంది అందరూ ఎంతగానో సహకరించారు, మేమంతా ఒకే కుటుంబంలా కలిసి పనిచేశాము, వారి తోడ్పాటు మరువలేనిది’ అని ఉంది. అబద్ధం ఒక్కటీ లేదు. అయితే ఆ మూడు వాక్యాలను తహసీల్దారు కార్యాలయంలో చదివినా, బ్యాంకులో చదివినా అలాగే చెల్లుతాయి. చివరి వరుసలో కూర్చున్న ల్యాబ్ అటెండరుకు అందులో తన మాట ఏదీ వినిపించదు.

మొదటి అడుగు: జ్ఞాపకం మీద ఆధారపడకుండా రిజిస్టర్లు తెరవాలి

ప్రభుత్వోద్యోగి విరమణ వయసు నిండిన నెల ఆఖరి రోజు మధ్యాహ్నం విధుల నుంచి తప్పుకుంటారు. ఆ తేదీ ఏళ్ల ముందే తెలుస్తుంది కనుక చివరి నెలంతా ఛార్జి అప్పగింత పనితోనే గడుస్తుంది. స్టాకు రిజిస్టరు ముందు పెట్టుకుని సూక్ష్మదర్శినులు, నమూనాల సీసాలు, రసాయనాలు, ఎండబెట్టిన మొక్కల నమూనాలు అంటించిన హెర్బేరియం షీట్లు, విభాగ గ్రంథాలయం పుస్తకాలు ఒక్కొక్కటిగా లెక్క చూసి సంతకాలు పెట్టాలి. ప్రసంగానికి కావలసిన సరుకంతా ఆ రిజిస్టర్లలోనే ఉంటుంది. ఏ సంవత్సరంలో ఎవరు సంతకం పెట్టారు, ఏ వస్తువు మరమ్మతుకు వెళ్లి వచ్చింది, ఏది పాడైపోయిందని కొట్టివేశారు, ఏది ఇరవై ఏళ్లయినా ఇంకా పనిచేస్తోంది అన్నవన్నీ అక్కడ కనిపిస్తాయి. అందుకే లెక్క చూసేటప్పుడు పక్కన ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోమని మేడమ్‌కు చెప్పాను. పేజీ తిప్పినప్పుడల్లా ఏ మనిషి గుర్తుకు వస్తే ఆ మనిషి పేరు, పక్కన ఆ వస్తువు పేరు, సంవత్సరం రాసుకుంటే చాలు. వాక్యాలు అప్పుడే రాయనక్కర్లేదు.

పది రోజుల్లో ఆవిడ పుస్తకంలో పందొమ్మిది పేర్లు చేరాయి. వాటిలో సగం పేర్లు మొదటి ప్రతి రాసేనాటికి ఆవిడకు తట్టలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో వచ్చే అసలు చిక్కు ఇదే. సభలో కూర్చునే బృందం గత అయిదారేళ్లలో చేరినది. మొదటి పాతికేళ్ల బృందంలో కొందరు బదిలీ అయ్యారు, కొందరు విరమించారు, ఒకరిద్దరు చనిపోయారు. చేతిలో రిజిస్టరు లేకుండా రాస్తే ప్రసంగం ఈ మధ్య చేరినవారి దగ్గరే ఆగిపోతుంది.

రెండో అడుగు: పేరు పక్కన గుణం తీసేసి పని రాయాలి

నోటు పుస్తకంలోని ఒక్కొక్క పేరు పక్కన ఆ మనిషి చేసిన ఒకే ఒక పనిని పూర్తి వాక్యంగా రాయాలి. ‘నిజాయితీపరుడు’, ‘కష్టజీవి’, ‘చిరునవ్వు చెరగనివారు’ లాంటి మాటలు ఈ దశలో రానివ్వకూడదు. రాసిన వాక్యం పనికి వస్తుందో లేదో చూడటానికి అందులో పేరు మార్చి చదవాలి. ‘మా అటెండరు గారు ఎంతో అంకితభావంతో పనిచేశారు’ అన్న వాక్యంలో ఎవరి పేరు పెట్టినా అర్థం చెడదు. అలాంటి వాక్యం ఆయనది కాదు కాబట్టి కొట్టివేయాలి.

మేడమ్‌ను ఈ ఒక్క పేరు మీద చాలాసేపు అడిగాను. చివరకు ఆవిడ చెప్పిన సంగతి ఇది. తీరానికి దగ్గర ఊరు కావడం వల్ల గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో సూక్ష్మదర్శినుల కటకాల మీద బూజు పడుతుంది. ఒకసారి బూజు గాజును తినేస్తే ఎంత తుడిచినా మసక పోదు, కటకం మార్చవలసిందే. ఆ అటెండరు సూక్ష్మదర్శినుల బీరువాలో కింది అరలో ఒక చిన్న బల్బు పెట్టించి, సాయంత్రం వెళ్లేటప్పుడు వెలిగించి, ఉదయం వచ్చాక ఆర్పేవారు. ఆ వెచ్చదనానికి బీరువాలో తేమ నిలవదు. సెలవుల్లో కూడా రెండు రోజులకొకసారి వచ్చి చూసి వెళ్లేవారు. ఆవిడ చేరకముందు కొన్న పద్నాలుగు సూక్ష్మదర్శినులు ఈ రోజుకీ ప్రాక్టికల్స్‌లో వాడుతున్నారంటే కారణం ఆ బల్బే. ఇన్నేళ్లుగా ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ, ఏ సభలోనూ నమోదు కాలేదు. ‘అంకితభావం’ అన్న మాట పోయి, ఆ స్థానంలోకి బీరువాలో వెలిగే బల్బు వచ్చింది.

పందొమ్మిది మందికీ ఇలా రాశాక ప్రసంగంలోకి తీసుకోవలసింది ఆరుగురినో, ఏడుగురినో మాత్రమే. మిగిలినవారిని ఒకే వాక్యంలో పేర్లతో చెప్పవచ్చు. పేర్ల జాబితా మరీ పొడవైతే వినేవాళ్లు తమ పేరు వచ్చే దాకా విని, ఆ తరువాత వినడం మానేస్తారు. ఎవరిని తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు హోదాను ప్రమాణంగా పెట్టుకోకూడదు. నా విరమణ సభలో నేను హోదాల వరసన వెళ్లాను. ప్రిన్సిపాల్ గారితో మొదలుపెట్టి అధ్యాపకులు, కార్యాలయ సిబ్బంది అంటూ కిందికి వచ్చేసరికి సమయం చాలక ‘తదితరులందరికీ’ అని ముగించాను. పద్నాలుగేళ్లు మా విభాగం గదులు ఊడ్చి, నేను మరిచిపోయిన కళ్లద్దాలు, పుస్తకాలు భద్రంగా దాచి ఇచ్చిన ఆవిడ ఆ ‘తదితరుల’లోనే ఉండిపోయింది. సభ అయ్యాక వచ్చి, తమలపాకుల్లో రెండు అరటిపళ్లు పెట్టి నా చేతికిచ్చి ‘వెళ్లొస్తానమ్మా’ అని వెళ్లింది. ఆవిడ పేరు నా కాగితంలో లేదన్న సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మూడో అడుగు: చేసిన మనిషి కనిపించేలా వాక్యం కట్టాలి

ఉద్యోగంలో ముప్పై ఏళ్లు నివేదికలు రాసినవారికి ఒక రాత అలవడుతుంది. ‘హెర్బేరియం పునరుద్ధరించబడింది’, ‘ఆన్‌లైన్ తరగతులు విజయవంతంగా నిర్వహించబడ్డాయి’ అని రాస్తారు. నివేదికకు అది చెల్లుతుంది. కృతజ్ఞత చెప్పే చోట మాత్రం ఆ ‘బడు’ అన్న క్రియ చేసిన మనిషిని తుడిచేస్తుంది. మేడమ్ ప్రతిలో అలాంటివి పదకొండు కనిపించాయి. ఒక్కొక్కదాన్నీ ‘ఎవరు చేశారు’ అని అడిగి మళ్లీ రాయించాను. అలా అడుగుతూ పోతే రెండు చోట్ల ఆ పని చేసినది ఎవరో ఆవిడకే సరిగ్గా తెలియదని తేలింది. ఫోన్ చేసి కనుక్కుంటే, తాను ఒకరు చేశారనుకున్న పని ఇంకొకరు చేసినది. సభలో ఆ పొరపాటు జరిగి ఉంటే, పని చేసినవారి ముందే ఆ పేరు ఇంకొకరికి దక్కేది.

సంబోధన విషయంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. రోజూ ‘బాబూ’ అనో, ‘తమ్ముడూ’ అనో పిలిచే మనిషిని కూడా వేదిక మీద నుంచి పూర్తి పేరుతో, ‘గారు’ చేర్చి, బహువచన క్రియతోనే చెప్పాలి. ప్రిన్సిపాల్ గారు ‘చేశారు’, అటెండరు ‘చేశాడు’ అని ఒకే ప్రసంగంలో దొర్లితే హాల్లో అందరికీ తెలుస్తుంది. రిజిస్టరులోని పేరు, ఊళ్లో పిలిచే పేరు వేరైతే మొదట పూర్తి పేరు చెప్పి, వెంటనే అందరికీ తెలిసిన పేరు చెప్పాలి. అప్పుడు విద్యార్థులు కూడా వెనక్కి తిరిగి ఆయన వైపు చూస్తారు.

నాలుగో అడుగు: అడగవలసినవారిని ముందే అడగాలి

కొన్ని సహాయాలు చెప్పుకుంటే గౌరవం, కొన్ని చెబితే ఇబ్బంది. మేడమ్‌కు శస్త్రచికిత్స జరిగినప్పుడు రెండో అధ్యాపకురాలు రెండు నెలలు ఆవిడ తరగతులు కూడా తీసుకున్నారు. అది చెప్పవచ్చా అని ఆవిడను అడిగితే సంతోషించారు. రికార్డు అసిస్టెంటు ఇంట్లో కష్టం వచ్చిన రోజుల్లో కూడా ప్రాక్టికల్ మార్కులు గడువులోగా నమోదు చేసిన సంగతి అడిగితే, ‘మార్కుల సంగతి చెప్పండి మేడమ్, ఇంటి సంగతి వద్దు’ అన్నారు. ప్రసంగంలో ఆ మేరకే ఉంచాము. ఒప్పంద అధ్యాపకుల విషయంలో వారి పని చెప్పడం వరకే మంచిది. వారికి త్వరలో స్థిరత్వం రావాలని వేదిక మీద నుంచి అంటే అది ఆవిడ చేతిలో లేని మాట అవుతుంది. వినేవారికి ఆశ, దాని వెంట బాధ మిగులుతాయి. అలాగే తరువాత బాధ్యత తీసుకునేవారికి వేదిక మీద నుంచి సలహాలు ఇవ్వకూడదు, ఒక్క వాక్యంలో అప్పగించి వదిలేయాలి. కుటుంబానికి రెండు వాక్యాలు చాలు. పక్కన కూర్చోబెట్టిన భర్త గురించి అప్పటికే వక్తలందరూ మాట్లాడి ఉంటారు.

క్షమాపణ మన సభల్లో ఆనవాయితీగా ఉంటుంది. ‘తెలిసీ తెలియక ఎవరినైనా నొప్పించి ఉంటే మన్నించండి’ అన్న వాక్యాన్ని ఎవరూ తప్పు పట్టరు, ఎవరూ పట్టించుకోరు కూడా. దానికి బదులు బృందానికంతటికీ తెలిసిన ఒక్క సంగతి ఎంచుకుని దానికి క్షమాపణ చెబితే అది చేరవలసినవారికి చేరుతుంది. ఒక మనిషికి మాత్రమే సంబంధించిన తగాదా అయితే దాన్ని వేదిక ఎక్కించకుండా ముందే ఆ మనిషి ఇంటికో, గదికో వెళ్లి మాట్లాడుకోవాలి.

అయిదో అడుగు: ఒక సంఘటనను నడుమ నిలబెట్టాలి

పేర్లు, పనులు ఎంత బాగున్నా వరసగా చెబుతూ పోతే మళ్లీ జాబితాయే అవుతుంది. బృందంలో ఎక్కువమంది ఒకే చోట కనిపించే సంఘటన ఒకటి ఎంచుకుని, దాన్ని నెమ్మదిగా చెప్పి, మిగిలినవి దాని చుట్టూ అమర్చాలి. ఉద్దానం వైపు వారికి ఆ సంఘటన వెతకనక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. మేడమ్ విభాగంలో కిటికీ రెక్కలు ఊడి హెర్బేరియం బీరువాలోకి నీళ్లు వెళ్లాయి. సరిచేశాక ప్రసంగం ఇలా వచ్చింది. ఇక్కడ పేర్లు తీసేసి హోదాలే ఉంచుతున్నాను.

‘సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, మా విభాగం వారికి, విద్యార్థులకు నమస్కారం. ఈ నెలంతా ఛార్జి అప్పగించడం కోసం స్టాకు రిజిస్టర్లు తిరగేశాను. వాటిలో వస్తువుల లెక్క ఉంది. ఆ వస్తువులను కాపాడిన మనుషుల లెక్క లేదు. ఆ లెక్క ఈ రోజు మీ అందరి ముందు నేను అప్పగిస్తాను.

‘మన ప్రయోగశాలలో ఇరవై రెండు సూక్ష్మదర్శినులు ఉన్నాయి. పద్నాలుగు నాకంటే ముందు ఇక్కడికి వచ్చినవి. వాటి కటకాలకు బూజు పట్టలేదంటే, మా ల్యాబ్ అటెండరు గారు ప్రతి సాయంత్రం ఆ బీరువాలో దీపం పెట్టి వెళ్లడం వల్లనే. ఆయనకు ఆ పని నేర్పినది ఆయనకంటే ముందు ఇక్కడ పనిచేసిన పెద్దాయన. ఈ రోజు ఆయన మన మధ్య లేరు. ఆ దీపం మాత్రం నిన్న సాయంత్రం కూడా వెలిగింది. ఇరవై రెండూ సరిగా ఉన్నాయని చూసి మొన్న సోమవారం సంతకం పెట్టాను.

‘తిత్లీ వచ్చిన మర్నాడు రోడ్ల మీద చెట్లు పడి ఉండగా, ఆయనే సైకిలు మోసుకుంటూ మా ఇంటికి వచ్చి “అమ్మా, బేగి రండి, షీట్లు తడిసిపోయాయి” అన్నారు. నాలుగు వందల పన్నెండు షీట్లు తడిశాయి. కరెంటు లేదు, ఫ్యాను లేదు. రెండో మేడమ్ గారు తమ ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయినా ఇక్కడికి వచ్చి, ప్రతి షీటుకూ అటూ ఇటూ వార్తాపత్రిక పెట్టి, పైన ఇటుకలు పేర్చి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కాగితాలు మార్చారు. ఆ పాత పేపర్లు ఊళ్లో ఇంటింటికీ తిరిగి తెచ్చినవారు రికార్డు అసిస్టెంటు గారు. తొమ్మిది రోజుల తరువాత మూడు వందల అరవై షీట్లు దక్కాయి. ఈ నెల వాటిని లెక్కపెట్టినప్పుడు పేపరు అచ్చు అంటుకున్న షీట్లు ఇంకా కనిపించాయి.

‘2020లో కళాశాల మూసి ఉన్నప్పుడు మా ఒప్పంద అధ్యాపకురాలు తమ వంటింటి గట్టు మీద కాండం అడ్డుకోతలు తీసి ఫోనులో వీడియో చేశారు. ఫోనులో డేటా లేని పిల్లలకు బొమ్మలు గీసి ఫొటోలు పంపారు. ఆ ఏడాది మన పిల్లలు ప్రాక్టికల్స్ చేయగలిగారంటే ఆ వీడియోలు, బొమ్మలే కారణం.

‘న్యాక్ బృందం రావడానికి ముందు మూడు వారాలు మిమ్మల్ని రోజూ చీకటి పడే దాకా ఉంచాను. ఆఖరి బస్సు తప్పిపోయి మీలో ముగ్గురు ఆటోలు మాట్లాడుకుని వెళ్లారని నాకు తరువాత తెలిసింది. ముందే అడిగి ఉండవలసింది. అందుకు మీకు క్షమాపణ చెబుతున్నాను.

‘బీరువా తాళాలు ఈ మధ్యాహ్నం రెండో మేడమ్ గారికి ఇస్తున్నాను. అందరికీ నమస్కారం.’

భర్తకూ, పిల్లలకూ చెప్పిన రెండు వాక్యాలు, మిగిలిన పేర్లున్న ఒక వాక్యం ఇక్కడ వదిలేశాను. అంకెలన్నీ రిజిస్టరుతో సరిచూసినవే. ‘దాదాపు నాలుగు వందలు’ అనే బదులు ‘నాలుగు వందల పన్నెండు’ అన్నప్పుడు, ఆ కాగితాలు మార్చిన మనిషికి తాను చేసినదంతా మేడమ్ లెక్కలో ఉందని తెలుస్తుంది.

చివరి అడుగు: నిలబడి, గడియారం పెట్టుకుని చదవాలి

మేడమ్ రెండో ప్రతిలో ఆరు వందల నలభై మాటలు ఉన్నాయి. ఆవిడ నిలబడి, గొంతెత్తి చదివితే ఎనిమిది నిమిషాలు పట్టింది. నాలుగు వందల ఎనభై మాటలకు తగ్గిస్తే ఆరు నిమిషాలకు వచ్చింది. ఎవరి వేగం వారిది కాబట్టి ఫోనులో సమయం పెట్టుకుని చూసుకోవాలి. కూర్చుని మనసులో చదివితే ఆ లెక్క తప్పుతుంది. మొదటిసారి చదివినప్పుడు, చనిపోయిన పెద్దాయన మాట దగ్గర ఆవిడ గొంతు ఆగిపోయింది. అప్పట్లో ఆ మాట ప్రసంగం చివర ఉండేది. దాన్ని ముందుకు జరిపి, దాని వెనకే సూక్ష్మదర్శినుల లెక్క, సంతకం ఉన్న వాక్యం పెట్టాము. అంకె చెప్పేటప్పుడు గొంతు తిరిగి కుదురుకుంటుంది. సభలో అక్కడ ఆవిడ ఒక్క గుటక నీళ్లు తాగి, కొనసాగించగలిగారు.

తరువాత ప్రసంగాన్ని విభాగానికి సంబంధంలేని ఒకరికి వినిపించి, కాగితం చూపకుండా ‘నేను ఎవరికి ఏ పనికి కృతజ్ఞత చెప్పాను’ అని అడగాలి. కనీసం ముగ్గురి పనులు వారు తిరిగి చెప్పగలగాలి. ‘అందరినీ బాగా మెచ్చుకున్నారు’ అన్న జవాబు వస్తే రెండో అడుగు దగ్గరకు తిరిగి వెళ్లాలి.

కాగితం మీద అక్షరాలు పెద్దవిగా, ఒకవైపే ఉండాలి. ఒక మనిషి పేరు ఒక పేజీలో, చేసిన పని తరువాతి పేజీలో పడకుండా చూసుకోవాలి. మైకు ముందుకు వెళ్లే ముందు దండ, శాలువా తీసి కుర్చీలో పెట్టి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. పేరు పలికినప్పుడు కాగితం మీద నుంచి తలెత్తి ఆ మనిషి ఉన్న వైపు చూడాలి కాబట్టి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో వేదిక మీద ఉన్నప్పుడే చూసిపెట్టుకోవాలి. మేడమ్ సభలో అటెండరు గారు భోజనాల ఏర్పాట్లు చూడటానికి వెళ్లిపోయారు. ఆ సంగతి గమనించి ఆవిడ, ఆయనను పిలిపించి కూర్చోబెట్టిన తరువాతే మాట్లాడటం మొదలుపెట్టారు. బదిలీ మీద దూరంగా ఉండి రాలేకపోయిన ఇద్దరికి, తమ పేరున్న పేజీని ఆ సాయంత్రమే పోస్టులో పంపారు.